విచలన వర్గాల మొత్తం నుంచి సగటు, విస్తృతి ఎలా రాబట్టాలి: ఒకే సూత్రంతో మొత్తం లెక్క

2018 జేఈఈ మెయిన్‌లో ఒక చిన్న లెక్క ఇచ్చారు. తొమ్మిది రాశులున్నాయి. Σ(x − 5) = 9, Σ(x − 5)² = 45. ప్రామాణిక విచలనం ఎంత?

తొందరలో ఉన్నవాళ్లు 45ని 9తో భాగించి 5 అనుకుని, √5 గుర్తుపెట్టి ముందుకెళ్లిపోతారు. సరైన జవాబు 2. ఇక్కడ తప్పిపోయేది కూడికలోనో భాగహారంలోనో కాదు. 45 అనే మొత్తంలో రెండు వేరువేరు సంగతులు కలిసి ఉన్నాయి. వాటిని విడదీయకుండా భాగించేస్తే వచ్చేది విస్తృతి కాదు. ఆ విడదీయడం ఎలాగో ఒకసారి చేతికొస్తే సగటు, విస్తృతి, n − 1తో భాగించే వ్యవహారం అన్నీ ఒకే సూత్రం నుంచి వస్తాయి. ఈ వ్యాసంలో ఆ ఒక్క సూత్రాన్నే పట్టుకుని వెళ్దాం.

విస్తృతి అంటే వేరియన్సే, దాని వర్గమూలమే ప్రామాణిక విచలనం. సగటును m అని, రాశుల సంఖ్యను n అని రాస్తాను. ఏదో ఒక సంఖ్య a నుంచి తీసిన విచలనాల వర్గాల మొత్తాన్ని S(a) అంటాను. అంటే S(a) = Σ(x − a)².

మొదటి మెట్టు: ఒక సంఖ్య ఎంచుకుని రెండు వరుసలు రాయడం

ఒక కిరాణా కొట్లో కందిపప్పును అరకిలో ప్యాకెట్లుగా కడుతున్నారనుకుందాం. ఎనిమిది ప్యాకెట్లను మంచి కాటా మీద తూచి చూస్తే బరువులు గ్రాముల్లో ఇలా వచ్చాయి: 503, 498, 506, 501, 497, 504, 502, 505.

సగటు ఎంతో ఇంకా మనకు తెలియదు, ఇప్పుడే తెలియాల్సిన పని కూడా లేదు. లెక్కకు వీలుగా ఉండే సంఖ్య ఏదైనా తీసుకోవచ్చు. ఇంటర్ పుస్తకాల్లో దీన్నే ఊహించిన సగటు అంటారు. ఇక్కడ 500 తీసుకోవడం అన్ని విధాలా సులువు. ప్రతి బరువులోంచి 500 తీసేసి d అని రాసుకుని, పక్కన దాని వర్గం వేసుకోవాలి.

| x | d = x − 500 | d² |
|---|---|---|
| 503 | 3 | 9 |
| 498 | −2 | 4 |
| 506 | 6 | 36 |
| 501 | 1 | 1 |
| 497 | −3 | 9 |
| 504 | 4 | 16 |
| 502 | 2 | 4 |
| 505 | 5 | 25 |
| మొత్తం | 16 | 104 |

రుణ గుర్తులు రెండో వరుసలో ఉండాలి, మూడో వరుసలో ఉండకూడదు. చూడ్డానికి చిన్న విషయమే కానీ, క్యాలిక్యులేటర్‌లో −3² అని కొడితే చాలా యంత్రాలు −9 చూపిస్తాయి, ముందు వర్గం చేసి తర్వాత గుర్తు మారుస్తాయి కాబట్టి. (−3)² అని కొట్టాలి. మూడో వరుసలో ఒక్క రుణ సంఖ్య కనబడినా అక్కడే ఆగి సరిచేసుకోండి.

రెండో మెట్టు: మొదటి మొత్తం నుంచి సగటు

Σd = 16. దాన్ని 8తో భాగిస్తే 2. అంటే ప్యాకెట్లు సగటున 500 కంటే 2 గ్రాములు ఎక్కువ తూగుతున్నాయి. m = 500 + 2 = 502 గ్రాములు.

ఈ 2ను, అంటే m − a ని, జాగ్రత్తగా పక్కన రాసి పెట్టుకోండి. వెంటనే మళ్లీ కావాలి.

మూడో మెట్టు: 104ను రెండు ముక్కలు చేయడం

అసలు పని ఇక్కడ ఉంది. ఏ ప్యాకెట్ తీసుకున్నా 500 నుంచి దాని దూరాన్ని రెండు అంచెలుగా చూడొచ్చు. ముందు 500 నుంచి సగటు 502కి వెళ్లాలి, అక్కడి నుంచి ఆ ప్యాకెట్ బరువుకు వెళ్లాలి. 506 గ్రాముల ప్యాకెట్‌కు 6 = 2 + 4. 497 గ్రాముల ప్యాకెట్‌కు −3 = 2 + (−5). మొదటి అంచె అందరికీ ఒకటే. రెండోది మాత్రం ఒక్కో ప్యాకెట్‌కు ఒక్కోలా ఉంటుంది.

x − a = (m − a) + (x − m)

రెండు వైపులా వర్గం చేస్తే మూడు పదాలొస్తాయి: (m − a)², 2(m − a)(x − m), (x − m)². వీటిని ఎనిమిది ప్యాకెట్లకూ కూడాలి. మొదటి పదం అన్నింటికీ ఒకటే కాబట్టి n(m − a)² అవుతుంది. మధ్య పదంలో 2(m − a) బయటికి వస్తే లోపల Σ(x − m) మిగులుతుంది. సగటు నుంచి విచలనాలన్నీ కూడితే ఎప్పుడూ సున్నానే. మన ప్యాకెట్లకు చూసుకోండి: 1, −4, 4, −1, −5, 2, 0, 3. కూడితే సున్నా. కాబట్టి మధ్య పదం మొత్తంగా పోతుంది. చివరికి మిగిలేది ఇది:

S(a) = S(m) + n(m − a)²

మన సంఖ్యలు పెడితే 104 = S(m) + 8 × 2². అంటే S(m) = 104 − 32 = 72. నమ్మకం కోసం నేరుగా 502 నుంచి వర్గాలు వేసి చూడండి: 1 + 16 + 16 + 1 + 25 + 4 + 0 + 9 = 72. సరిపోయింది.

కొట్టు యజమానికి ఈ రెండు ముక్కలూ రెండు వేరు సమస్యలు. 32 అనేది అన్ని ప్యాకెట్లలోనూ కలిపి ఒకేవైపు జరుగుతున్న తేడా. పప్పు పోసే కొలతను కాస్త తగ్గిస్తే అది పోతుంది. 72 మాత్రం ఒక ప్యాకెట్‌కూ ఇంకో ప్యాకెట్‌కూ మధ్య ఉన్న తేడా. కొలత ఎంత మార్చినా అది పోదు, నింపే చెయ్యి నిలకడగా ఉంటేనే తగ్గుతుంది. 104ను చూసినంత మాత్రాన ఏది ఎంతో తెలియదు.

నాలుగో మెట్టు: a ని అటూ ఇటూ జరిపి చూడటం

పై సూత్రంలో n(m − a)² ఎప్పుడూ రుణం కాదు, a = m అయినప్పుడు మాత్రమే సున్నా. అంటే a ఏది తీసుకున్నా S(a) విలువ S(m) కంటే తగ్గదు. a ని 500 నుంచి 504 దాకా జరిపితే S(a) వరుసగా 104, 80, 72, 80, 104 అవుతుంది. గ్రాఫ్ గీస్తే 502 దగ్గర అడుగు తాకి రెండు వైపులా ఒకేలా లేచే పరావలయం వస్తుంది.

కాబట్టి సగటును ఇలా కూడా నిర్వచించొచ్చు: వర్గ విచలనాల మొత్తం అతి తక్కువగా ఉండే బిందువే సగటు. ఆ అతి తక్కువ మొత్తమే విస్తృతికి ముడిసరుకు. ఒకే వక్రరేఖలో అడుగు ఎక్కడ ఉందన్నది సగటు చెబుతుంది, అడుగు ఎంత ఎత్తులో ఉందన్నది విస్తృతి చెబుతుంది.

వర్గాలే ఎందుకు, గుర్తులు వదిలేసి దూరాలు కూడితే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. కూడి చూద్దాం. మన ప్యాకెట్లకు 502 నుంచి దూరాల మొత్తం 20. 503 నుంచి కూడా 20. మధ్యలో 502.5 తీసుకున్నా 20 గ్రాములే. అడుగు ఒక బిందువు కాకుండా చదునైన గట్టుగా మారింది. ఆ గట్టు ఎక్కడ ఉండాలో తేల్చేది మధ్యగతం, సగటు కాదు. పైగా మొత్తాన్ని రెండు ముక్కలుగా విడదీసే సౌకర్యం దూరాల మొత్తానికి లేదు. వర్గాలతో లాభం అదే.

ఐదో మెట్టు: భాగించడం

మనకు ఈ ఎనిమిది ప్యాకెట్ల గురించి మాత్రమే కావాలంటే 72ను 8తో భాగించాలి. విస్తృతి 9, ప్రామాణిక విచలనం 3 గ్రాములు. విస్తృతి ప్రమాణం గ్రాముల వర్గం కాబట్టి 9ని బరువుతో పోల్చకూడదు, 3ని పోల్చొచ్చు.

మూడో మెట్టు సూత్రాన్నే nతో భాగించి రాసుకుంటే పరీక్షల్లో ఎక్కువగా వాడే రూపం వస్తుంది:

విస్తృతి = Σd²/n − (Σd/n)²

ఇక్కడ 104/8 − 2² = 13 − 4 = 9. a = 0 అనుకుంటే ఇదే Σx²/n − m² అవుతుంది. రెండు సూత్రాలుగా గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు.

ఇప్పుడు మొదట్లో చెప్పిన లెక్కకు వద్దాం. Σd = 9, n = 9, కాబట్టి Σd/n = 1. Σd²/n = 5. విస్తృతి 5 − 1 = 4, ప్రామాణిక విచలనం 2. సగటు అడిగితే 5 + 1 = 6. లెక్కలో Σ(x − 5) ఇచ్చింది ఊరికే కాదు, ఆ 1ని తీసేయడానికే.

S(a) రెండు చోట్ల ఇస్తే

2019 జేఈఈ మెయిన్‌లో ఇదే ఆలోచనను ఇంకోలా అడిగారు. n రాశులకు Σ(x + 1)² = 9n, Σ(x − 1)² = 5n. ప్రామాణిక విచలనం కనుక్కోవాలి.

మొదటిది −1 నుంచి, రెండోది 1 నుంచి తీసిన వర్గాల మొత్తం. విస్తృతిని V అనుకుని మన సూత్రం రాస్తే V + (m + 1)² = 9, V + (m − 1)² = 5. ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేస్తే V పోతుంది, 4m = 4 మిగులుతుంది. m = 1, V = 5, జవాబు √5. వర్గాలు విప్పి Σx², Σx వేరువేరుగా రాబట్టినా ఇదే వస్తుంది, కాకపోతే కాస్త ఎక్కువ రాయాలి.

ఒకే ఒక్క S(a) ఇచ్చి ఇంకేమీ ఇవ్వకపోతే మాత్రం లెక్క తేలదు. అంతేకాదు, సగటు తప్ప మిగతా సంగతులు తెలిసినా ఒక్కోసారి తేలదు. మన ప్యాకెట్లకు n = 8, V = 9 అని చెప్పి, S(501) = 80 అని ఇచ్చారనుకోండి. (m − 501)² = 1 అని మాత్రమే తెలుస్తుంది. సగటు 502 కావచ్చు, 500 కూడా కావచ్చు. పరావలయానికి రెండు వైపులూ ఒకేలా ఉన్నందువల్ల వచ్చే చిక్కు ఇది. Σ(x − a) గానీ, రెండో చోట S విలువ గానీ ఉంటేనే ఏ వైపో తెలుస్తుంది.

ఒక రాశి తప్పుగా రాసుంటే

497 అని రాసుకున్న ప్యాకెట్ బరువు నిజానికి 489 అని తర్వాత తేలింది. మొదటినుంచీ మళ్లీ చేయాలా? అక్కర్లేదు. 500 నుంచి వేసిన రెండు మొత్తాల్లో పాత విలువ తీసేసి కొత్తది కలిపితే చాలు. పాత d = −3, కొత్త d = −11.

Σd = 16 + 3 − 11 = 8, కాబట్టి కొత్త సగటు 501.
Σd² = 104 − 9 + 121 = 216.
S(m) = 216 − 8 × 1² = 208. విస్తృతి 208/8 = 26.

చాలామంది ఇక్కడ తప్పు దారి పట్టేది పాత సగటు 502 నుంచి వేసిన 72ను సరిచేయబోయి. పాత విచలనం −5, కొత్తది −13 కాబట్టి 72 − 25 + 169 = 216 అని రాసి, 8తో భాగించి విస్తృతి 27 అంటారు. 216 దాకా తప్పేమీ లేదు. కానీ ఒక రాశి మారగానే సగటు కూడా 502 నుంచి జరిగిపోయింది. ఆ 216 ఇప్పుడు S(502) మాత్రమే, S(m) కాదు. దాంట్లోంచి 8 × 1² తీసేస్తే 208 వస్తుంది. (500 నుంచి చేసినా 502 నుంచి చేసినా 216 రావడం చూసి కంగారు పడకండి. కొత్త సగటు 501 ఆ రెండింటికీ సరిగ్గా నడుమ ఉంది.)

ఒక్క ప్యాకెట్‌లో 8 గ్రాముల తేడాకు విస్తృతి 9 నుంచి 26కి ఎగబాకింది. వర్గం చేయడం వల్ల దూరంగా ఉన్న రాశి గట్టిగా లాగుతుంది. కాబట్టి విస్తృతి ఊహించినదానికంటే బాగా ఎక్కువ వస్తే, సూత్రాన్ని అనుమానించే ముందు d² వరుసలో అన్నిటికంటే పెద్ద సంఖ్యను చూడండి. ఇక్కడ 216లో 121 ఆ ఒక్క ప్యాకెట్‌దే.

n − 1 ఎక్కడి నుంచి వస్తుంది

ఎనిమిది ప్యాకెట్లు చూసి, ఆ కొట్లో కట్టే ప్యాకెట్లన్నిటి విస్తృతిని అంచనా వేయాలనుకుంటే 72ను 8తో కాదు, 7తో భాగించాలి. 72/7 ≈ 10.29, వర్గమూలం సుమారు 3.21 గ్రాములు. క్లాసులో దీన్ని తరచూ రూల్‌గా చెప్పి వదిలేస్తారు. మన సూత్రంతో అయితే నాలుగు లైన్లలో తేలుతుంది.

అన్ని ప్యాకెట్ల అసలు సగటు μ, అసలు విస్తృతి σ² అనుకోండి. μ మనకు తెలియదు. అయినా a స్థానంలో దాన్ని పెట్టి సూత్రం రాయొచ్చు:

S(μ) = S(m) + n(m − μ)²

ఇలాంటి ఎనిమిదేసి ప్యాకెట్ల శాంపిల్స్ ఎన్నో తీసి, సరాసరి చూస్తే ఎడమవైపు nσ² వస్తుంది. ఎందుకంటే ఒక్కో ప్యాకెట్‌కు (x − μ)² సరాసరి σ². కుడివైపు చివరి పదంలో (m − μ)² అంటే శాంపిల్ సగటు అసలు సగటు నుంచి ఎంత తప్పుతుందో దాని వర్గం. ప్యాకెట్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎంచుకున్నవైతే దాని సరాసరి σ²/n. nతో గుణిస్తే సరిగ్గా ఒక σ². కాబట్టి S(m) సరాసరి nσ² − σ², అంటే (n − 1)σ². S(m)ను n − 1తో భాగిస్తేనే సరాసరిన σ² వస్తుంది.

మాటల్లో చెప్పాలంటే, శాంపిల్ సగటు తన ఎనిమిది ప్యాకెట్లకు అన్నిటికంటే దగ్గరగా ఉండే బిందువు. అందుకే దాని నుంచి వేసిన వర్గాల మొత్తం అసలు సగటు నుంచి వేసినదాన్ని ఎన్నడూ మించదు. ఆ తక్కువ సగటున ఎంతో పైన లెక్క తేల్చింది: సరిగ్గా ఒక ప్యాకెట్ వాటా. ఇంకో సంగతి, n − 1తో భాగించి వచ్చిన విస్తృతికి వర్గమూలం తీస్తే మాత్రం ఆ సవరణ పూర్తిగా నిలవదు. 3.21 అనేది σకు సరాసరిన కొంచెం తక్కువ వైపే ఉండే అంచనా.

కంప్యూటర్‌లో చేసేటప్పుడు

ఎక్సెల్‌లో `DEVSQ` నేరుగా S(m) ఇస్తుంది, మన ప్యాకెట్లకు 72. `VAR.P` దాన్ని nతోనూ, `VAR.S` n − 1తోనూ భాగిస్తుంది. పైథాన్‌లో నంపై, పాండాస్ రెండూ వాడేవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది:

```python
import numpy as np, pandas as pd
x = [503, 498, 506, 501, 497, 504, 502, 505]
print(np.var(x))           # 9.0
print(pd.Series(x).var())  # 10.2857...
```

రెండూ సరైనవే. నంపై ఏమీ చెప్పకపోతే nతో భాగిస్తుంది, పాండాస్ n − 1తో. `ddof=1` లేదా `ddof=0` అని మనమే రాస్తే రెండూ ఒకే జవాబు ఇస్తాయి. రెండు చోట్ల వేర్వేరు జవాబులొస్తే పెద్దదాన్ని చిన్నదానితో భాగించి చూడండి. n/(n − 1) వస్తే, ఇక్కడైతే 8/7, తేడా అక్కడే ఉందన్నమాట.

రెండో ప్రమాదం కాస్త లోతుగా ఉంటుంది. Σx²/n − m² కాగితం మీద తప్పులేని సూత్రమే, కానీ x విలువలు చాలా పెద్దవై, వాటి మధ్య తేడాలు చిన్నవైతే కంప్యూటర్‌లో కుప్పకూలుతుంది. మన బరువుల్లో 500కు బదులు 100 కోట్లు పెట్టండి: 1000000003, 999999998 అలా. విస్తృతి మారకూడదు, 9 రావాలి. కానీ మామూలు దశాంశ సంఖ్యలను కంప్యూటర్ దాదాపు 16 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది. వీటి వర్గాలకు 18, 19 అంకెలుంటాయి. ఆ స్థాయిలో వరుసగా ఉండే రెండు సంఖ్యల మధ్య ఖాళీయే 128. కాబట్టి తీసివేత తర్వాత జవాబు 0, 128, −128 లాంటిదే అవుతుంది కానీ 9 అయ్యే వీలే లేదు. విస్తృతి రుణాత్మకంగా కనిపించినా, అన్నీ వేర్వేరు విలువలున్నా సున్నా వచ్చినా, ముందు అనుమానించాల్సింది దీన్నే.

మందు మొదటి మెట్టులోనే ఉంది. 100 కోట్లను a గా తీసుకుని ముందే తీసేస్తే d వరుస మళ్లీ 3, −2, 6, 1, −3, 4, 2, 5 అవుతుంది, జవాబు 9 వస్తుంది. a సరిగ్గా సగటే కానక్కర్లేదు, రాశులకు దగ్గరలో ఉంటే చాలు. మొదటి రాశినే a గా పెట్టుకోవడం మంచి అలవాటు. రాశులు ఒక్కొక్కటిగా వస్తూ ఉండి, అన్నీ దాచుకునే చోటు లేనప్పుడు 1962లో వెల్ఫర్డ్ ప్రచురించిన పద్ధతి వాడతారు. అందులో కొత్త రాశి వచ్చిన ప్రతిసారీ సగటును, S(m)ను రెండింటినీ కలిపి సవరిస్తారు:

```python
n, m, S = 0, 0.0, 0.0
for v in x:
    n += 1
    d = v - m
    m += d / n
    S += d * (v - m)
```

చివరి లైన్‌లో d పాత సగటు నుంచి తీసిన విచలనం, (v − m) కొత్త సగటు నుంచి తీసినది. రెండు చోట్లా d పెట్టి d * d అని రాస్తే S ఎక్కువ వస్తుంది. కారణం పైన తప్పుగా రాసిన ప్యాకెట్ లెక్కలో చూసినదే: రాశి చేరగానే సగటు జరిగింది, ఆ జరిగినంత మేర మొత్తంలోంచి తీసేయాలి. మన ఎనిమిది బరువులు ఇస్తే లూప్ ముగిసేసరికి m 502, S 72 దగ్గర ఆగాలి. చివరి దశాంశాల్లో చిన్న తేడా కనిపించినా అది మామూలే.